తరచూ ఫారిన్ వెళ్లేవాళ్లకి సూట్‌కేసు: ముందు చక్రాలు చూడండి, తర్వాతే బాడీ

ప్రశ్న: ఆఫీసు పని మీద హైదరాబాద్ నుంచి డాలస్, మధ్యమధ్యలో ఫ్రాంక్‌ఫర్ట్ తరచూ వెళ్లాల్సి వస్తోంది. ఉన్న పెద్ద సూట్‌కేసు చక్రం ఊడొచ్చేసింది. కొత్తది పాలీకార్బొనేట్ తీసుకోవాలా, అల్యూమినియమా, క్లాత్‌దా? చక్రాలు ఎలాంటివైతే మంచివి? టీఎస్ఏ లాక్ ఉండి తీరాలా? 10 ఏళ్ల వారంటీ అంటున్నారు, నమ్మొచ్చా? బడ్జెట్ 15 వేల లోపు.

సమాధానం:

నేను బ్యాగుల షాపులో అమ్మకం, రిపేరు రెండూ చాలా ఏళ్లుగా చూస్తున్నానండీ, కాబట్టి షోరూములో మెరిసేటప్పుడు ఎలా ఉంటుందో కాకుండా తిరిగి రిపేరు టేబుల్ మీదకి ఎలా వస్తుందో అక్కణ్ణుంచి చెప్తాను. అందరూ మెటీరియల్ గురించే మొదట అడుగుతారు. కానీ మా దగ్గరికి వచ్చేవాటిలో బాడీ పగిలినవి తక్కువ, చక్రం ఊడినవి, లాగే హ్యాండిల్ ఇరుక్కుపోయినవి, జిప్పు విడిపోయినవి ఎక్కువ. అంటే మీ సూట్‌కేసు ఎన్నాళ్లొస్తుందన్నది నిర్ణయించేది షెల్ కన్నా ముందు ఆ షెల్‌కి చక్రం ఎలా బిగించారు అన్నది. అందుకే అక్కడ మొదలుపెడతాను.

ఇప్పుడు దొరికేవాటిలో ఎక్కువ భాగం నాలుగు చక్రాల స్పిన్నర్లే, అటూ ఇటూ గుండ్రంగా తిరిగేవి. ఎయిర్‌పోర్టు నున్నటి ఫ్లోరు మీద వీటికి మించిన సుఖం లేదు, రెండు పెట్టెలుంటే చేతికొకటి పట్టుకుని పక్కన నడిపించుకుంటూ వెళ్లిపోవచ్చు. ఇబ్బంది ఏంటంటే ఆ చక్రాలు బాడీ నుంచి కిందకి పొడుచుకొచ్చి ఉంటాయి. చెక్-ఇన్ అయ్యాక పెట్టె బెల్టుల మీద జారుతుంది, మూల తిరిగే చోట గోడకి కొట్టుకుంటుంది, బండిలోంచి కంటైనర్‌లోకి విసిరేస్తారు, ఆ దెబ్బల్లో చాలా భాగం ముందుకు పొడుచుకొచ్చిన చక్రం మీదే పడుతుంది. రెండు చక్రాల పాత పద్ధతి పెట్టెల్లో చక్రం సగం బాడీ లోపలికి దిగి ఉంటుంది కాబట్టి దెబ్బ తగలదు, పైగా ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి చోట పాత వీధుల్లో రాళ్లు పరిచిన దారి మీద అవే బాగా లాగబడతాయి, స్పిన్నర్ అయితే ప్రతి రాయి సందులో ఇరుక్కుంటుంది. మీరు ఎక్కువగా వెళ్లేది డాలస్ కాబట్టి, అక్కడ ఎయిర్‌పోర్టు నుంచి కారు, కారు నుంచి హోటల్, అంతే కాబట్టి స్పిన్నరే తీసుకోండి, కానీ ఒక్కో మూల ఒక్క చక్రం ఉన్నది కాకుండా జంట చక్రాలున్నది తీసుకోండి. బరువు ఎనిమిది చక్రాల మీద పంచుకుంటుంది, ఒకటి అరిగినా పక్కది మోస్తుంది.

ఇప్పుడు షాపులో చేయాల్సిన పని చెప్తాను, ఇది ఎవరూ చేయరు, సేల్స్ అబ్బాయి కొంచెం వింతగా చూస్తాడు, ఫర్వాలేదు. పెట్టె తెరిచి, లోపల లైనింగ్‌కి చిన్న జిప్పు ఉంటుంది, అది తీసి చేయి అడుగుకి పోనివ్వండి. చక్రం ఉన్న మూలలో లోపలి వైపు ఏముందో చూడండి. మంచి పెట్టెలో ఆ మూల లోపల గట్టి ప్లాస్టిక్‌దో మెటల్‌దో ఒక ప్లేటు ఉంటుంది, బయటి వీల్ హౌసింగ్ నుంచి స్క్రూలు షెల్‌ని దాటి ఈ ప్లేటులోకి దిగి ఉంటాయి. అంటే దెబ్బ తగిలితే ఆ బలం ప్లేటంతా పంచుకుంటుంది. చవక పెట్టెలో ప్లేటు ఉండదు, పలచటి షెల్‌కే నేరుగా రివెట్లు కొట్టేస్తారు. ఒక గట్టి దెబ్బ తగిలేసరికి రివెట్టు షెల్‌ని చీల్చుకుని బయటికి వచ్చేస్తుంది, అప్పుడు చక్రం కొత్తది ఉన్నా బిగించడానికి ప్లాస్టిక్ మిగలదు. మీ పాత పెట్టెని ఒకసారి తిరగేసి చూడండి, చక్రం ఒక్కటే పోయి హౌసింగ్ నిలిచి ఉంటే మార్చొచ్చు, హౌసింగ్ మూలతో సహా చిరిగొచ్చిందంటే ఇక దాని మీద డబ్బు పెట్టకండి.

స్క్రూలు కనిపిస్తే ఇంకో లాభం, చక్రం అరిగినప్పుడు స్క్రూడ్రైవర్‌తో విప్పి అదే సైజు కొత్త సెట్ వేసెయ్యొచ్చు, ఏ రిపేరు షాపులోనైనా చిన్న పని. రివెట్లయితే డ్రిల్లు పెట్టి తీయాలి, తీసేటప్పుడు రంధ్రం పెద్దదవుతుంది, అందుకే చాలామంది రిపేరు వాళ్లు వద్దంటారు. తర్వాత పెట్టెని తలకిందులుగా పెట్టి ఒక్కో చక్రాన్ని వేలితో తిప్పండి. గరగర లేకుండా కొంచెంసేపు తిరిగి ఆగాలి. చక్రాన్ని పట్టుకుని అటూ ఇటూ ఊపితే కొద్దిగా కదలడం మామూలే, గిలకలా ఊగితే మాత్రం వద్దు. ఖాళీ పెట్టె ఎలాగైనా బాగానే నడుస్తుంది కాబట్టి వీలైతే షాపులో ఉన్న ఇంకో నాలుగు హ్యాండ్‌బ్యాగులు లోపల కుక్కి ఒక వేలితో పక్కకి తోసి చూడండి, ఒక పక్కకే లాగేస్తుంటే చక్రాలు సరిగ్గా కూర్చోలేదని అర్థం.

చక్రం పైన ఉండే టైరు భాగం గురించి ఒక మాట. గట్టి ప్లాస్టిక్ అయితే టకటక చప్పుడు చేస్తుంది, కానీ ఏళ్లు వస్తుంది. మెత్తటి రబ్బరు లాంటి పాలీయురేథేన్ అయితే చప్పుడు లేకుండా వెళ్తుంది, అదే సుఖం. కానీ ఆ పాలీయురేథేన్‌ని గాల్లో తేమ నెమ్మదిగా తినేస్తుంది, విశాఖ, కాకినాడ, చెన్నై లాంటి ఊళ్లలో అటక మీద ఏళ్ల తరబడి పడేసిన పెట్టె దించి చూస్తే టైరు జిగురు జిగురుగానో, చేత్తో నలిపితే పొడిగానో రాలిపోతుంది. వాడకుండా పెట్టినా పోతుంది అన్నది చాలామందికి తెలీదు. మీరు తరచూ వాడుతున్నారు కాబట్టి పాడయ్యేలోగా ఎలాగూ అరిగిపోతుంది, మీకు మెత్తటిదే మంచిది. ఏడాదికోసారి వెళ్లే అమ్మానాన్నల కోసం కొనేవాళ్లు మాత్రం ఇది గుర్తుపెట్టుకోవాలి.

హ్యాండిల్ సంగతి తొందరగా చెప్పేస్తాను. పూర్తిగా పైకి లాగి కుదిపితే కొంచెం వదులు ఉంటుంది, ఉండాలి కూడా, బొత్తిగా కదలకుండా ఉన్న రాడ్డు దెబ్బ తగిలితే వంగి ఇరుక్కుంటుంది. చూడాల్సింది బటన్ నొక్కితే రెండు రాడ్లూ ఒకేసారి దిగుతున్నాయా అన్నది. ఒకటి ముందు, ఒకటి వెనక దిగుతుంటే ఆ పెట్టె వదిలేయండి.

ఇక షెల్. హార్డ్ పెట్టెల్లో మీకు షోరూములో కనిపించేవి నాలుగు రకాలు, ఏబీఎస్, పాలీకార్బొనేట్, ఆ రెండూ కలిపింది, పాలీప్రొపిలీన్. ఏబీఎస్ చవక, గట్టిగా, మెరుస్తూ ఉంటుంది, చేత్తో తడితే భలే దృఢంగా ఉందే అనిపిస్తుంది. ఆ గట్టితనమే దాని బలహీనత, వంగదు కాబట్టి దెబ్బకి పగులుతుంది, అందులోనూ చలికాలంలో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో చికాగోలోనో రన్‌వే పక్కన ట్రాలీ మీద గంటసేపు గడ్డకట్టే చలిలో ఉన్నాక మూల మీద పడితే ఇంకా తేలిగ్గా పగులుతుంది. పాలీకార్బొనేట్ దీనికి ఎదురు, నొక్కితే లోపలికి పోయి మళ్లీ పైకి లేస్తుంది. బరువు మీద పడితే సొట్టపడి మళ్లీ మామూలుగా అయిపోయే గుణం చెక్-ఇన్ పెట్టెకి కావాలి.

షాపులో తేడా పట్టుకోవడానికి మూసిన ఖాళీ పెట్టెని పక్కకి పడుకోబెట్టి మధ్యలో అరచేత్తో నెమ్మదిగా నొక్కండి. పాలీకార్బొనేట్ చప్పుడు చేయకుండా దిగి లేస్తుంది, ఏబీఎస్ అసలు దిగదు, బలవంతం చేస్తే టక్‌మంటుంది, కొన్నిసార్లు నొక్కిన చోట తెల్లటి గీత పడుతుంది. లేబుల్ కూడా చదవండి, ముందు వైపు పెద్ద అక్షరాల్లో పాలీకార్బొనేట్ అని ఉండి లోపలి ట్యాగు మీద ఏబీఎస్ ప్లస్ పీసీ అని ఉంటుంది, అంటే కలిపింది లేదా ఏబీఎస్ మీద పలచటి పాలీకార్బొనేట్ పొర. అది మోసం అనను, ధర తక్కువుంటే సరే, కానీ పూర్తి పాలీకార్బొనేట్ ధర పెట్టి దాన్ని కొనకండి. ఇంకో జాగ్రత్త, పాలీకార్బొనేట్‌కి నెయిల్ పాలిష్ రిమూవర్, థిన్నర్ పడవు. ఎయిర్‌లైన్ స్టిక్కర్ల జిగురు పోవట్లేదని థిన్నర్ గుడ్డతో తుడిచి బాడీ మీద సన్నటి పగుళ్లు తెచ్చుకున్నవాళ్లని చూశాను. గోరువెచ్చటి సబ్బునీళ్లు పెట్టి కాసేపు నాననిస్తే చాలు.

పాలీప్రొపిలీన్ మీద చాలామందికి చిన్నచూపు ఉంది, నాకు లేదు. ఇది ఒకే మోల్డులో పోసి తీసిన షెల్, కొంచెం మందంగా, మెరుపు లేకుండా ఉంటుంది, గీతలు పడ్డా పెద్దగా కనపడవు, దెబ్బకి పగలడం కూడా తక్కువ, ధర పాలీకార్బొనేట్ కన్నా చాలాసార్లు తక్కువే. చూడటానికి సాదాగా ఉంటుంది, అంతే. అదే పాలీప్రొపిలీన్‌ని దారాల్లా సాగదీసి నేసి వేడితో అతికిన రకం శాంసొనైట్ వాళ్లు కర్వ్ అని అమ్ముతారు, చాలా తేలిక, చాలా గట్టి, కానీ అది మీ బడ్జెట్ దాటిపోతుంది.

అల్యూమినియం వద్దనే చెప్తాను. అందంలో దానికి సాటి లేదు, జిప్పు ఉండదు కాబట్టి దొంగతనానికీ కాస్త నయం. కానీ సొట్ట పడితే అలాగే ఉండిపోతుంది, ఫ్రేమ్ కొంచెం వంగిందంటే రెండు సగాలూ కలవవు, లాచ్ పడదు, ఆ పరిస్థితి తెల్లారుజామున చెక్-ఇన్ కౌంటర్ దగ్గర వచ్చిందనుకోండి, తాడు కట్టి పంపడమే. పైగా బరువు. అమెరికా ఎకానమీ టికెట్ మీద మామూలుగా పెట్టెకి 23 కిలోలు ఇస్తారు, మీ టికెట్ మీద ఎంతుందో చూసుకోండి. పెద్ద సైజు పాలీకార్బొనేట్ పెట్టె ఖాళీగా నాలుగు, నాలుగున్నర కిలోలు ఉంటే అదే సైజు అల్యూమినియంది ఆరేడు కిలోలుంటుంది. రెండు పెట్టెలు తీసుకెళ్తే అక్కడే అయిదు కిలోలు పోయాయి, అంటే ఇంట్లో వాళ్లు కట్టిచ్చిన ఆవకాయ, గోంగూర, కందిపొడి, సున్నుండలు అన్నీ అక్కడే ఆగిపోయాయన్నమాట. బిజినెస్ క్లాస్ అయినా సరే ఒక పెట్టె 32 కిలోలు దాటితే చాలా ఎయిర్‌పోర్టుల్లో తీసుకోరు, ఎత్తేవాళ్ల నడుము కోసం పెట్టిన రూలు అది.

క్లాత్ పెట్టె గురించి అడిగారు. మంచి బాలిస్టిక్ నైలాన్‌ది అయితే దెబ్బలకి అసలు భయపడదు, పగలడం అనేదే లేదు, బయట జేబులుంటాయి, కొద్దిగా ఎక్కువ కుక్కినా సాగుతుంది. ఇబ్బంది తడితోనే. మన వానాకాలంలో సామాను బండి విమానం పక్కన తడుస్తూ నిలబడితే లోపలి బట్టలకి చెమ్మ తగులుతుంది, రెండోది పక్క పెట్టెలోంచి ఎవరిదో నూనె కారినా ఇది పీల్చుకుంటుంది. మీ పెట్టెలో మీ ఆవకాయ సీసా కారినా అంతే, హార్డ్ పెట్టెలో లోపల తుడిచేసుకోవచ్చు, క్లాత్‌కి పట్టిన నూనె మరక, వాసన పోవు. పచ్చళ్లు తీసుకెళ్లే మన వాళ్లకి హార్డ్ పెట్టే మంచిదని నేను చెప్పేది ముఖ్యంగా ఇందుకే.

సైజు గురించి మీరు అడగలేదు కానీ ఇక్కడే ఎక్కువమంది ఎక్స్‌ట్రా డబ్బు కడతారు. అమెరికా వైపు వెళ్లే చాలా ఎయిర్‌లైన్లకి చెక్-ఇన్ పెట్టె పొడవు, వెడల్పు, మందం మూడూ కూడితే 158 సెంటీమీటర్లు, అంటే 62 అంగుళాలు దాటకూడదు, చక్రాలు, పైన హ్యాండిల్ కలిపి. షాపులో 28 అంగుళాలు అని చెప్పేది చాలాసార్లు బాడీ ఎత్తు మాత్రమే. టేపు తీసుకెళ్లి నేల నుంచి పైదాకా కొలవండి. 76, 50, 30 వస్తే మొత్తం 156, హాయిగా వెళ్లిపోతుంది. అదే 81, 55, 34 వస్తే 170, ఓవర్‌సైజు అని ఆపితే మీరు వాదించడానికి ఏమీ ఉండదు. ఎక్స్‌పాండబుల్ జిప్పు తెరిస్తే మందం ఇంకో నాలుగైదు సెంటీమీటర్లు పెరుగుతుంది, అది కూడా లెక్కలో పెట్టుకోండి. అందుకే 30, 32 అంగుళాల పెట్టెలు ఆఫర్‌లో ఎంత చవగ్గా వచ్చినా వద్దు, 23 కిలోలకి అంత చోటు అవసరమూ లేదు.

లాకుల దగ్గరికి వద్దాం. టీఎస్ఏ అంటే అమెరికా ఎయిర్‌పోర్టుల్లో సామాను తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ. వాళ్లకి అనుమానం వస్తే మీరు లేకుండానే పెట్టె తెరుస్తారు, లోపల తనిఖీ చేశామని ఒక కాగితం పెట్టి మూసేస్తారు. వాళ్ల మాస్టర్ తాళంచెవితో తెరుచుకునే లాక్ అయితే తెరిచి మళ్లీ వేస్తారు, కాకపోతే పగలగొడతారు, దానికి పరిహారం ఇవ్వరు. కాబట్టి చట్టప్రకారం తప్పనిసరి కాకపోయినా డాలస్ వెళ్లేవాళ్లకి అవసరమే. ఎర్రటి డైమండ్ గుర్తు, పక్కన టీఎస్ఏ 007 లాంటి నంబరు ఉందేమో చూడండి. నంబర్ల కాంబినేషన్ లాకులో ఒక చిన్న తాళం రంధ్రం కూడా ఉంటుంది, కొన్నాక చాలామంది కీ ఇవ్వలేదని మళ్లీ షాపుకి వస్తారు, ఆ రంధ్రం తనిఖీ వాళ్ల కోసం, దాని కీ మనకి ఇవ్వరు.

ఈ లాకు దొంగని ఆపుతుందా అంటే పూర్తిగా ఆపదు. ఆ మాస్టర్ తాళాల ఫొటో 2014లో ఒక అమెరికా పత్రికలో వచ్చింది, 2015కల్లా ఫొటో చూసి త్రీడీ ప్రింటర్‌లో చేసుకునే ఫైళ్లు నెట్‌లోకి వచ్చేశాయి. అసలు లాకు జోలికి వెళ్లక్కర్లేదు కూడా, మామూలు జిప్పు పళ్ల మధ్య బాల్‌పెన్ మొన గుచ్చి నెడితే జిప్పు విడిపోతుంది. ఇక్కడ ఒక చిన్న తేడా తెలుసుకోండి. రెండు రన్నర్లకీ కలిపి విడి తాళం వేశారనుకోండి, దొంగ పెన్నుతో జిప్పు తెరిచి, కావాల్సింది తీసుకుని, తాళంతో సహా రెండు రన్నర్లనీ ఆ భాగం మీదుగా ఒకసారి అటూ ఇటూ లాగితే జిప్పు మళ్లీ మూసుకుపోతుంది. మీకు ఇంటికెళ్లేదాకా ఏమీ తెలీదు. అదే రన్నర్లు బాడీకి బిగించిన లాకు లోపలికి దిగి కూర్చుంటే వాటిని కదల్చలేడు, తెరిచిన జిప్పు తెరిచినట్టే ఉంటుంది, బెల్టు దగ్గరే మీకు కనిపిస్తుంది, అక్కడే కంప్లెయింట్ రాయించొచ్చు. అందుకని వేలాడే తాళం కన్నా బాడీలో బిగించిన లాకు నయం, దాంతోపాటు యాంటీ థెఫ్ట్ అని చెప్పే రెండు వరసల జిప్పు ఉంటే పెన్ను దిగడం ఇంకా కష్టం. ల్యాప్‌టాప్, నగలు మాత్రం ఏ లాకు ఉన్నా చెక్-ఇన్‌లో పెట్టకండి.

కొన్న రోజే లాకు నంబరు మార్చుకోండి. ఎక్కువవాటికి మొదట 000 ఉంటుంది, పక్కనున్న చిన్న బటన్‌ని పెన్ను మొనతో నొక్కి నంబరు తిప్పి బటన్ వదిలేయాలి, పెట్టె తెరిచి ఉండగానే రెండు మూడుసార్లు వేసి తీసి చూడండి. నంబరు మర్చిపోతే పగలగొట్టక్కర్లేదు, ముందు మీ నంబరుకి ఒక అంకె అటూ ఇటూ ప్రయత్నించండి, సెట్ చేసేటప్పుడు డయల్ ఒక పన్ను జరగడమే మామూలుగా జరిగేది, అదీ కాకపోతే ఉన్నవి 1000 నంబర్లే, ఓపిగ్గా తిప్పితే దొరుకుతుంది.

ఇప్పుడు వారంటీ. 10 ఏళ్లు అన్న మాట నిజమే, కానీ దేనికి అన్నది చూడాలి. కార్డు మీద లిమిటెడ్ వారంటీ అని ఉంటుంది, అంటే తయారీలో లోపం ఉంటేనే. కుట్టు సరిగ్గా లేక విడిపోయింది, హ్యాండిల్ ఏ దెబ్బా లేకుండా పనిచేయడం మానేసింది, ఇలాంటివి. వాడకంలో అరిగింది, ఎయిర్‌లైన్ వాళ్ల చేతిలో విరిగింది, ఈ రెండూ మన దగ్గర దొరికే చాలా బ్రాండ్ల వారంటీలో ఉండవు. తరచూ ఎగిరేవాళ్లకి వచ్చే డ్యామేజీ దాదాపు అంతా ఈ రెండింట్లోనే వస్తుంది! ఎయిర్‌లైన్ డ్యామేజీకి కూడా జీవితాంతం రిపేరు చేసిచ్చే కంపెనీలు లేకపోలేదు, అమెరికాలో బ్రిగ్స్ అండ్ రైలీ దానికే పేరు పడింది, కానీ దాని ధర వేరే స్థాయి.

అందుకని 10 ఏళ్లా 5 ఏళ్లా అన్నది వదిలేసి కార్డులో ఈ సంగతులు వెతకండి. చక్రాలు, హ్యాండిల్, లాకు కూడా అందులో ఉన్నాయా లేక బాడీకే ఎక్కువ ఏళ్లు ఇచ్చి మిగతావాటికి తక్కువ పెట్టారా. ఇండియాలో కొన్నది అమెరికాలో పాడైతే అక్కడ చూస్తారా, అంటే ఇంటర్నేషనల్ వారంటీ అని రాసి ఉందా. సర్వీస్ సెంటర్ మీ ఊళ్లో ఉందా, లేకపోతే పంపే ఖర్చు ఎవరిది. ఇంకొకటి, బిల్లు. ఆన్‌లైన్లో కొంటే అమ్మేవాడు ఆ కంపెనీ ఆథరైజ్డ్ సెల్లరో కాదో చూసి కొనండి, బిల్లు ఫొటో తీసి మెయిల్లో పెట్టుకోండి, థర్మల్ కాగితం బిల్లు మీద అక్షరాలు ఏడాది తిరక్కుండానే మాయమవుతాయి. నా మాటైతే విడిభాగాలు దొరికే బ్రాండు 3 ఏళ్ల వారంటీ ఇచ్చినా, స్పేర్లు దొరకని బ్రాండు 10 ఏళ్లిచ్చినదాని కన్నా మేలు.

ఎయిర్‌లైన్ చేతిలో విరిగితే అడగాల్సింది ఎయిర్‌లైన్‌నే, అది దయ కాదు, మాంట్రియల్ కన్వెన్షన్ అని 1999లో చేసుకున్న అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం మీ హక్కు. ఇండియా 2009 నుంచి అందులో ఉంది, అమెరికా, జర్మనీ కూడా ఉన్నాయి. చెక్-ఇన్ చేసిన సామాను వాళ్ల దగ్గరున్నప్పుడు పాడైతే బాధ్యత వాళ్లదే, పెట్టెలో ముందే లోపం ఉంటే తప్ప. పరిమితి ప్రయాణికుడికి 1,519 ఎస్‌డీఆర్, ఎస్‌డీఆర్ అంటే ఐఎంఎఫ్ వాడే లెక్క యూనిట్, 2024 డిసెంబర్ 28 నుంచి ఆ మొత్తం, అది 2 వేల డాలర్ల పైన వస్తుంది, కాబట్టి సూట్‌కేసు ధరకి పరిమితి అడ్డం కాదు. అడ్డమయ్యేది గడువు. సామాను అందుకున్న రోజు నుంచి 7 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, ఆ తర్వాత హక్కు పోతుంది.

ఎలా జరుగుతుందో ఒక కేసు చెప్తాను. మా దగ్గర పెట్టె కొన్న ఒకాయన దోహా మీదుగా శంషాబాద్ దిగాడు, బెల్టు మీద పెట్టె తీసుకుని ట్రాలీలో పెట్టేసుకుని ఇంటికెళ్లిపోయాడు, మర్నాడు చూస్తే ఒక వెనక చక్రం హౌసింగ్‌తో సహా పగిలి ఉంది. మా దగ్గరికి వారంటీ అని వచ్చాడు, కంపెనీ వాళ్లు ఇది బయటి దెబ్బ అని తిప్పి పంపారు, వాళ్ల రూలు ప్రకారం అది సరైనదే. అప్పటికి నాలుగో రోజు. ఆ సాయంత్రమే ఎయిర్‌లైన్ వెబ్‌సైటులో డ్యామేజీ ఫారం నింపించాం, బోర్డింగ్ పాసు, పెట్టెకి కట్టిన బ్యాగేజ్ ట్యాగు నంబరు, పగిలిన చోట దగ్గర్నుంచి ఫొటో, పెట్టె మొత్తం ఫొటో, కొన్న బిల్లు, రిపేరు కాదని మేం రాసిచ్చిన లెటర్‌హెడ్ కాగితం. మొదటి జవాబు ఏమొచ్చిందంటే ఎయిర్‌పోర్టులో రిపోర్టు ఇవ్వలేదు కాబట్టి మా చేతిలోనే విరిగిందని రుజువేంటి అని. అదృష్టం కొద్దీ చెక్-ఇన్‌కి ముందు కుటుంబంతో దిగిన ఫొటోలో పెట్టె నాలుగు చక్రాల మీద నిలబడి కనిపిస్తోంది. అది పంపాక, గడువులోపే ఫిర్యాదు ఇచ్చామని ఒప్పందం మాట గుర్తుచేశాక ఒప్పుకున్నారు, వాడిన కాలానికి కొంత కోసుకుని మిగతాది ఇచ్చారు. ఆ కోత మామూలే, కొత్త ధర మొత్తం రాదు.

ఈ తంటా లేకుండా ఉండాలంటే చెక్-ఇన్ లైన్లో నిలబడే టప్పుడే నాలుగు వైపులా, అడుగున చక్రాలు కనిపించేలా ఫొటోలు తీసుకోండి, టైము ఫోన్లోనే పడుతుంది. దిగాక కస్టమ్స్ దాటకముందే చక్రాలు తిప్పి, హ్యాండిల్ లాగి చూడండి. తేడా ఉంటే అక్కడే బ్యాగేజ్ కౌంటర్లో పీఐఆర్ అనే రిపోర్టు రాయించుకోండి, దాని మీద ఎయిర్‌పోర్టు కోడు, ఎయిర్‌లైన్ కోడు, అయిదు అంకెలు కలిసిన నంబరు ఒకటి ఉంటుంది, అదే మీ కేసు నంబరు. రెండు మూడు ఎయిర్‌లైన్లు మారి వస్తే చివరిగా దింపినవాళ్ల దగ్గరే రాయించండి. గీతలు, చిన్న మరకలు తీసుకోరు, వాటికి వాదించి లాభం లేదు. చక్రాలు, హ్యాండిళ్లు మా బాధ్యత కాదు అని కౌంటర్లో ఎవరైనా అంటే, అమెరికాకి వచ్చిపోయే విమానాల విషయంలో అలా మినహాయించడానికి వీల్లేదని అక్కడి రవాణా శాఖ స్పష్టంగా చెప్పింది, ఆ మాట మర్యాదగా చెప్పి రిపోర్టు మాత్రం తీసుకునే కదలండి.

మీ 15 వేలకి నేనైతే పూర్తి పాలీకార్బొనేట్ లేదా పాలీప్రొపిలీన్, టేపుతో కొలిస్తే మొత్తం 158 లోపు, ఖాళీ బరువు నాలుగున్నర కిలోలు దాటనిది, జంట చక్రాలు, లోపల ప్లేటు, స్క్రూలు, బాడీలో బిగించిన టీఎస్ఏ లాకు చూసి తీసుకుంటాను. అమెరికన్ టూరిస్టర్, సఫారీ, వీఐపీ, ఆఫర్ పడితే శాంసొనైట్‌లో కింది రేంజి, వీటిల్లోనే వెతకండి, ఎమ్మార్పీ మీద వేసే డిస్కౌంటు శాతం చూడకండి, ఈ వ్యాపారంలో ఏడాది పొడుగునా డిస్కౌంటే, చివరికి చెల్లించే అంకె ఒక్కటే పోల్చుకోండి. ఒకే మోడల్ కంపెనీ షోరూములో చేత్తో చూసి, లైనింగ్ విప్పి చక్రాల మూల చూసుకుని, తర్వాత ఆన్‌లైన్ ధరతో సరిపోల్చండి. రెండు పెట్టెలు కావాలంటే సెట్ కొనకండి, సెట్‌లో మధ్య సైజు మీకు ఎందుకూ పనికిరాదు, అదే డబ్బుకి ఒకే పెద్ద సైజువి రెండు, రంగు మాత్రం వేర్వేరుగా తీసుకుంటే చక్రాలు, హ్యాండిళ్లు ఒకే రకం కాబట్టి ఎప్పుడైనా ఒకటి పూర్తిగా పోయినా దాని విడిభాగాలు రెండోదానికి పనికొస్తాయి.